తాగుడు మీద వాక్యం చెప్పాలంటే ముందు నలుగురిని వెతుక్కోండి

తాగుడు మీద వాక్యం అనగానే చాలామంది అయ్యగార్లు సామెతలు 23వ అధ్యాయం తీస్తారు. ద్రాక్షారసం ఎర్రగా కనిపించినప్పుడు దానివైపు చూడొద్దు, చివరికి అది పాములా కరుస్తుంది అనే ఆ మాటల్లో తప్పేమీ లేదు. కానీ చెప్పేముందు ఒకసారి కింద ఎవరు కూర్చున్నారో చూడండి. శ్రీకాకుళం జిల్లాలో గానీ విజయనగరం జిల్లాలో గానీ ఓ పల్లె సంఘానికి వెళ్తే చాపల మీద ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లూ పిల్లలే. తాగేవాడు ఆ టైముకి ఇంట్లో పడుకుని ఉంటాడు, లేదా సెంటర్లో ఉంటాడు. మీరు గొంతెత్తి "తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కారు" అని అరిస్తే ఆ దెబ్బ తగిలేది వాడికి కాదు, వాడి భార్యకి, పక్కనే తల వంచుకుని కూర్చున్న పదో తరగతి పిల్లకి. రాత్రి ఇంట్లో పడ్డ తిట్లు చాలక పొద్దున్న గుడిలో ఇంకోటి. పైగా ఆ మాట ఉన్న 1 కొరింథీయులు 6వ అధ్యాయంలోనే తర్వాతి వచనంలో పౌలు, మీలో కొందరు అలాంటివాళ్లే, ఇప్పుడు కడగబడ్డారు అంటాడు. పదో వచనం చదివి పదకొండు దగ్గర పుస్తకం మూసేసే అలవాటు మనకి ఎప్పుడు పోతుందో.

అందుకే ఈ విషయం మీద వాక్యం చెప్పబోయే పాస్టర్లకీ సంఘ పెద్దలకీ స్త్రీల సమాజం అక్కలకీ ఇది రాస్తున్నాను. ప్రసంగం ఎలా చెప్పాలో, దానికి ముందు ఏం సిద్ధం చేసుకోవాలో, తర్వాత వారం ఏం చేయాలో వరసగా చెబుతాను. తాగుడు గురించే చెబుతాను. గంజాయి, మాత్రల సంగతి వేరు, వాటికి ఇంకోసారి రాయాలి.

ఏ భాగం తీసుకోవాలి

నేనైతే మార్కు సువార్త 2వ అధ్యాయం, 1 నుంచి 12 వచనాలు తీసుకోమంటాను. కపెర్నహూములో ఇల్లు, పక్షవాయువు వచ్చిన మనిషి, వాణ్ణి మోసుకొచ్చిన నలుగురు, కప్పు విప్పి పరుపుతో సహా దింపడం. ఆదివారం బడి పిల్లలకి కూడా వచ్చిన కథే, కానీ తాగుడుతో నలిగిపోతున్న ఇంటి పక్కన పెట్టి చదివితే ఇందులో మూడు సంగతులు బయటపడతాయి.

ఒకటి, ఆ మనిషి తనంతట తాను రాలేడు. కాళ్లు పనిచేయనివాణ్ణి "నీకు మనసు లేదు కాబట్టే నడవట్లేదు" అని ఎవరూ అనరు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషిని మాత్రం "మనసుంటే మానేస్తాడు" అని సులువుగా అనేస్తాం. రోజూ మందు పడే ఒంట్లో నరాలు దానికి అలవాటు పడి ఉంటాయి, అది పడకపోతే అవి తిరగబడతాయి. దీని సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రాణం పోయేది ఇక్కడే.

రెండు, యేసు ప్రభువు మొదట అన్నమాట "లే, నడు" కాదు. ముందు "కుమారుడా" అని పిలిచి, పాపాలు క్షమించబడ్డాయని చెప్పాడు. వాడు ఇంకా పరుపు మీదే ఉన్నాడు, ఒక్క అడుగూ వేయలేదు. కృప గురించి చెప్పాలంటే ఇంతకంటే తేటగా చెప్పే చోటు నాకు తెలియదు. మానేశాక ప్రేమిస్తాను అనలేదు.

మూడోది మనకి కాస్త గుచ్చుకుంటుంది. ఆ నలుగురికీ దారి అడ్డం పడింది ఎవరు? శత్రువులు కాదు, వాక్యం వినడానికి వచ్చిన జనమే. గుమ్మం దగ్గర కూడా చోటు లేనంతగా నిండిపోయి నిలబడ్డారు. మన సంఘంలో తాగే ఇంటివాళ్లు లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడింది ఎవరో ఆ ఆదివారం అందరూ ఆలోచించుకోవాలి. "పాపం వాళ్లాయన నిన్న రోడ్డు మీద పడిపోయాడట, ప్రార్థన చేయండి" అంటూ ప్రార్థన విన్నపం పేరుతో ఊరంతా తిప్పేది కూడా గుమ్మం మూయడమే.

ప్రసంగానికి రెండు మూడు వారాల ముందు

వాక్యం తయారుచేసుకోవడం కంటే ముందు ఆ నలుగురిని తయారుచేసుకోవాలి. ఇది లేకుండా ప్రసంగం చెప్పొద్దు అని గట్టిగా అంటాను. వాక్యం విన్న భార్య ఆశతో ఇంటికి పోయి "అయ్యగారు సాయం చేస్తారంట" అని భర్తతో చెప్పి, సోమవారం పొద్దున్న మీ ఇంటికొస్తే, మీరు "ప్రార్థన చేద్దాం అమ్మా" అని పంపేస్తే, ఆమె ఇంకోసారి రాదు.

నలుగురూ నాలుగు పనులకి. ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్లేవాళ్లు, పనిరోజుల్లో ఖాళీ దొరికే మనిషి, రిటైరైన మాస్టారైతే మరీ మంచిది. ఒకరు సాయంత్రం పూట ఆయనతో కూర్చునేవాళ్లు, కచ్చితంగా మగమనిషే, వీలుంటే ఒకప్పుడు తాగి మానినవాడు. ఒకరు భార్యకి తోడుగా ఉండే పెద్దావిడ, విన్నమాట కడుపులో దాచుకునే మనిషి అయ్యుండాలి, సంఘంలో అందరికంటే బాగా ప్రార్థన చేసే ఆవిడ కానక్కర్లేదు. నాలుగోవాళ్లు డబ్బూ సరుకులూ చూసేవాళ్లు. పాస్టరు గారు ఈ నలుగురిలో ఒకరు కాకపోవడమే మంచిది, ఎందుకంటే పదిళ్ల పనులు ఆయన మీద ఉంటాయి, మధ్యలో కూటాలకి వేరే ఊరు వెళ్లిపోతారు.

వాళ్లతో ఒక సాయంత్రం కూర్చుని మూడు నంబర్లు ఫోన్లలో వేయించండి. 14446 మత్తు నుంచి బయటపడటానికి ప్రభుత్వం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి, తెలుగులోనూ మాట్లాడతారు. 108 మీకు తెలిసిందే. దగ్గరలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో, చీటీ ఎన్నింటిదాకా ఇస్తారో ఒకరు ముందే వెళ్లి కనుక్కోవాలి. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది. ఏ ఇంటి కోసమో కాదు, దారి తెలియడం కోసం.

ఉన్నపళంగా మానిపించడంలో ప్రమాదం

ఇది పాస్టర్లందరికీ తెలియాలి. ప్రార్థనలో ఏడ్చి, చెయ్యెత్తి "ఈరోజు నుంచి ముట్టుకోను" అన్న మనిషి నిజంగానే ముట్టుకోకపోతే ఏమవుతుంది? అప్పుడప్పుడు తాగేవాడికి పెద్దగా ఏమీ కాదు. కానీ ఏళ్లుగా రోజూ తాగేవాడికి, ముఖ్యంగా పొద్దున్న లేవగానే చేతులు వణికి, కాస్త పడితే గాని ఆ వణుకు ఆగనివాడికి, చివరిసారి తాగిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు, గుమ్మంలో ఎవరో నిలబడ్డారంటాడు, చచ్చిపోయిన తండ్రితో మాట్లాడతాడు, ఒళ్లు కాలిపోతుంటుంది, గుండె దడదడలాడుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనలో మానితే ఆ ప్రమాదం వచ్చేది మంగళవారం, బుధవారం. మళ్లీ ఆదివారం దాకా మనం ఆ ఇంటి మొహం చూడం. ఈలోగా ఇంట్లోవాళ్లు "దయ్యం పట్టింది" అని భయపడి వెళ్లగొట్టే ప్రార్థన కోసం మనల్నే పిలుస్తారు, లేదా భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. తాగుడు మానిన నాలుగైదు రోజుల్లో ఇలా కనిపిస్తే ముందు 108కి ఫోన్ చేయండి, అంబులెన్సులో కూర్చుని ప్రార్థన చేయండి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు అసలొద్దు.

కాబట్టి నలుగురిలో ఎవరు మాట్లాడినా భార్యని అడగాల్సిన మొదటి ప్రశ్న "రోజుకి ఎంత తాగుతాడు" కాదు, ఎందుకంటే అది ఆమెకి తెలియదు. "పొద్దున్న లేవగానే చేతులు వణుకుతాయా అమ్మా, తాగితే తగ్గుతుందా?" అని అడగండి. "ఏటి చెప్పమంటారు బాబూ, పొద్దుట కాస్త పడితేగాని టీ గ్లాసు పట్టలేడు" అందనుకోండి, ఆ మనిషి డాక్టరు చూడకుండా ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నది రెండో ప్రశ్న. వచ్చాయంటే ఇంకా జాగ్రత్త. డాక్టరు చూసేదాకా ఒకటి రెండు రోజులు ఆయన కొద్దిగా తాగుతూ ఉండటం పాస్టరుగా మీకు మింగుడుపడదు, నాకు తెలుసు. అయినా అదే క్షేమం.

ఉపవాస ప్రార్థన గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మానబోతున్న మనిషిని మూడు రోజులు ఉపవాసం ఉంచే సంఘాలున్నాయి. దయచేసి వద్దు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అప్పటికే అడుగంటి ఉంటుంది, తిండి లేకుండా ఉంచితే మెదడు దెబ్బతినొచ్చు. ఆయన కోసం మీరు ఉపవాసం ఉండండి, ఆయనకి మాత్రం గంజి, గుడ్డు, పప్పన్నం పెట్టండి.

ఆ ఆదివారం

అరగంట చాలు. మొదటి పది నిమిషాలు కథ చెప్పండి, జనం సంగతి దగ్గర ఆగండి, గుమ్మం గురించి చెప్పాల్సింది చెప్పండి. గద్దించక తప్పదు అనిపిస్తే గద్దించాల్సింది ఇక్కడ, గుమ్మంలో నిలబడ్డవాళ్లని.

తర్వాత కృప. ఈ మాటల్ని మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి: "అమ్మా, మీ ఆయన తాగుడికి నువ్వు కారణం కాదు. నువ్వు కూర బాగా వండకపోవడం వల్ల కాదు, నువ్వు ఎదురు మాట్లాడటం వల్ల కాదు, నీ ప్రార్థన చాలకపోవడం వల్ల కాదు. పిల్లలూ, మీ వల్ల అసలు కాదు. ఇక్కడో వెనక ఇంట్లోనో ఉండి వింటున్న అన్నా, నువ్వు మానాక ప్రభువు నిన్ను కుమారుడా అంటాడని కాదు. ఇప్పుడే, ఆ పరుపు మీద ఉండగానే అంటున్నాడు." మైకు బయటికి పెట్టే అలవాటు మీ సంఘానికి ఉంటే ఆ చివరి మాట ఇంట్లో పడుకున్నవాడి చెవిన పడుతుంది. పడనివ్వండి.

ఏ ఇంటినీ ఉదాహరణగా చెప్పొద్దు. పేరు చెప్పకపోతే సరిపోతుందనుకుంటారు. అరవై గడపల ఊళ్లో "మన సంఘంలోనే ఒక సహోదరి, భర్త తాపీ పని" అంటే ఇంకెవరికి తెలియదు?

చివరి పది నిమిషాలు ఆ నలుగురి గురించి. వాళ్లని లేపి నిలబెట్టండి, ఎవరు ఏ పనికో చెప్పండి. ముందుకి పిలిచి చేతులెత్తించే పిలుపు ఈ ప్రసంగానికి వద్దు. ముందుకొచ్చిన భార్య వెనక్కి తిరిగి కూర్చునేలోపే కబురు ఊరవతలికి పోతుంది. దానికి బదులు "వచ్చే మూడు రోజుల్లో ఎప్పుడైనా, ఎవరి ఇంటికైనా రండి, రాత్రి వచ్చినా పర్లేదు" అని చెప్పి అందరి కోసం కలిపి ప్రార్థన చేసి ముగించండి. ఆరోజు ప్రభువు బల్ల ఉంటే గిన్నెలో పులియని ద్రాక్షరసమే ఉండేలా చూసుకోండి, అసలు ఎప్పుడూ అదే ఉంటే మేలు.

సోమవారం నుంచి: ఒక ఇంటి సంగతి

ఎలా నడుస్తుందో తెలియడానికి ఒక ఇల్లు తీసుకుందాం. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను. ఆమదాలవలస వైపు ఓ పల్లె, తాపీ మేస్త్రీ, నలభై దాటాయి. కూతురు పదో తరగతి, కొడుకు ఆరు. భార్య జీడిపిక్కల పనికి వెళ్తుంది. 99 రూపాయల క్వార్టర్లు రోజుకి రెండు, అంటే నెలకి ఆరువేలు మందుకే. పనికి వెళ్లేది వారంలో మూడు నాలుగు రోజులు. పొద్దున్న వణుకు ఉంది.

భార్య ఆదివారం రాత్రి పెద్దావిడ ఇంటికొచ్చింది. పెద్దావిడ ఉపదేశం మొదలుపెట్టకుండా అన్నం పెట్టి, చెప్పింది విని, ఆ రెండు ప్రశ్నలూ అడిగింది. మర్నాడు పొద్దున్నే, అంటే ఆయన ఇంకా తెలివిలో ఉండే వేళ, మాస్టారూ సాయంత్రం తోడుండే మనిషీ కలిసి ఇంటికి వెళ్లారు. తాగి ఉన్నప్పుడు మాట్లాడటం దండగ, రేపటికి గుర్తుండదు, పైగా గొడవ. "మానేయి" అని అడగలేదు. "బావా, చేతులు వణుకుతున్నాయంట, నిద్ర కూడా లేదంట, ఒకసారి ఒళ్లు చూపించుకుందాం, నేను వస్తాను" అన్నారు. మొదటిరోజు కసిరాడు. రెండోరోజూ వెళ్లారు. మూడోరోజు బస్సెక్కాడు.

ఆసుపత్రికి ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు తీసుకెళ్లాలి, చివరిసారి ఎప్పుడు తాగాడో డాక్టరుకి నిజం చెప్పాలి. సిగ్గుపడి తగ్గించి చెబితే మందు డోసు కూడా తక్కువ పడుతుంది. వణుకూ ఫిట్సూ రాకుండా ఇచ్చే మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గించి, వారం పది రోజుల్లో ఆపేస్తారు. బి1 ఇంజెక్షన్లు ఇస్తారు, లివర్ పరీక్ష చేస్తారు. ఒంటిని బట్టి చేర్చుకోవచ్చు, ఇంటికైనా పంపొచ్చు. ఇంటికి పంపితే ఆ మాత్రలు ఆయన చేతికి కాదు, తోడుండే మనిషి చేతికి ఇచ్చి పూటపూటకీ వేయించాలి. వాటి మీద మందు తాగితే ఊపిరి ఆడక ప్రమాదం, వాటికే అలవాటు పడే అవకాశమూ ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం అస్సలు కూడదు.

ఆ వారం పది రోజులు ఇంట్లో కూలి రాదు. నాలుగోమనిషి పని ఇక్కడే. ఈ ఇంటికి పది కేజీల బియ్యం, పప్పు, నూనె, ఆసుపత్రికి తిరిగే బస్సు ఛార్జీలు, కూతురి పరీక్ష ఫీజు నేరుగా బడిలో కట్టారు. నగదు ఎవరి చేతికీ ఇవ్వలేదు, భార్య చేతికి కూడా. ఆమెని అనుమానించి కాదు. డబ్బు ఉందని తెలిస్తే ఆయన అడుగుతాడు, లేదంటే దెబ్బలు పడేది ఆమెకే.

ఇంకో చిక్కు బెల్టు షాపు ఖాతా. రెండువేల చిల్లర బాకీ ఉంది. మానినవాడు ఆ బాకీ తీర్చడానికి ఆ షాపుకే వెళ్లాలి, వెళ్తే ఒక గ్లాసు ఊరికే పోస్తాడు, అక్కడితో సరి. అందుకని బాకీ తీర్చే బాధ్యత మాస్టారు తీసుకున్నారు, మేస్త్రీ కూలి మొదలయ్యాక వారానికి ఇంత అని ఆయన డబ్బే, మాస్టారి చేతుల మీదుగా. సంఘం డబ్బుతో షాపు బాకీ తీర్చొద్దు, అది నా గట్టి అభిప్రాయం.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది

మందుల వల్ల ఒళ్లు కుదుటపడుతుంది. తర్వాత మిగిలేది సాయంత్రం. పని దిగి ఇంటికొచ్చే దారి, స్నేహితుల కేక, శనివారం కూలి డబ్బు జేబులో పడే వేళ, ఇవే అసలు పరీక్ష. తోడుండే మనిషి మొదటి నెల రోజూ ఆ టైముకి వెళ్లాలి. బైబిలు చదవాలని రూలు లేదు. టీ తాగి, ఊళ్లో సంగతులు మాట్లాడి, వీలైతే నాలుగు అడుగులు కలిసి నడిచి రావడమే. యావ వచ్చినప్పుడు అది అరగంటలో తగ్గుముఖం పడుతుందని ఆయనకి చెప్పాలి, ఆ అరగంట ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండాలి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా యావ పెరుగుతుంది, కాబట్టి పని దిగగానే కడుపులో ఏదో ఒకటి పడేలా చూడమని భార్యకి చెప్పండి.

కూలి సంగతి ఆయనతో ఒప్పించుకుని చేయాలి. మేస్త్రీ ఒప్పుకున్నాక కాంట్రాక్టరు శనివారం కూలిని భార్య ఖాతాకి ఫోన్‌పే చేయడం మొదలుపెట్టాడు. ఆయనకి చెప్పకుండా చేసి ఉంటే పరువు పోయిందని అదే రోజు తాగేవాడు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుగా కూర్చోవడంతో మొదలైంది, ఇప్పుడు విశాఖలోనూ కూటాలు జరుగుతాయి. ఫీజు ఉండదు, పేరు బయటికి రాదు. మన మతం కాదని భయపడాల్సిన పనిలేదు. దూరమైనా ఒకటి రెండుసార్లు తీసుకెళ్తే, తనలాంటివాళ్లు మానేసి పదేళ్లుగా బతుకుతున్నారని కళ్లారా చూస్తాడు. పాస్టరు గారు వందసార్లు చెప్పినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

భార్య విషయంలో రెండు హెచ్చరికలు

అన్నంలో కలిపేస్తే మానేస్తారంట అని ఎవరో ఇచ్చిన పొడో మాత్రో తెచ్చి భర్తకి తెలియకుండా కూరలో కలిపే ఆడవాళ్లు మన వైపు ఉన్నారు. అందులో చాలాసార్లు ఉండేది డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబారి, వాంతులై, గుండె దడ వచ్చి, బీపీ పడిపోయి చచ్చిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు ఇచ్చినా, తాగడం ఆపి కనీసం 12 గంటలయ్యాక, అది ఏమిటో తెలిసి, మనిషి తానే ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు. పెద్దావిడ ఇది ప్రతి ఇంట్లో చెప్పాలి.

రెండోది దెబ్బలు. "ఓర్చుకో అమ్మా, నీ ఓర్పే ఆయన్ని మారుస్తుంది" అని మనం చెప్పే సలహా వల్ల ఎన్ని ఇళ్లలో ఏం జరుగుతోందో మనకి తెలియనిది కాదు. క్షమించడం వేరు, రాత్రి మళ్లీ ఆ దెబ్బల కిందికి వెళ్లడం వేరు. చేయి చేసుకునే ఇల్లయితే ఆమె పిల్లలతో వచ్చి పడుకోవడానికి ఒక ఇల్లు ముందే చూసిపెట్టండి, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు పెద్దావిడ దగ్గర పెట్టించండి. 181 మహిళా హెల్ప్‌లైన్, అత్యవసరమైతే 112. ఫోన్ చేసినందుకు ఆమెని సంఘంలో ఎవరైనా ఒక్క మాటంటే అడ్డుకోవాల్సింది పాస్టరు గారే.

అలాగే "మాన్పిస్తాం" అని బోర్డు పెట్టి మనుషుల్ని కట్టేసి కొట్టే చోట్లు ఉన్నాయి. ఎక్కడైనా చేర్చేముందు మానసిక వైద్యుడు రోజూ వస్తాడా, ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా చూడొచ్చా, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, ఈ మూడూ అడగండి. ఒక్కదానికి నీళ్లు నమిలినా వెనక్కి వచ్చేయండి.

మళ్లీ తాగితే

తాగుతాడు. అందరూ కాదు, కానీ చాలామంది మొదటి ఏడాదిలో ఒకసారైనా జారతారు. దీన్ని ముందే ఆ ఇంటికి చెప్పి ఉంచాలి, లేకపోతే భార్య కుప్పకూలిపోతుంది, ఆయన సిగ్గుతో మీ మొహం చూడకుండా పారిపోతాడు. మన మేస్త్రీ మూడో నెలలో బావమరిది పెళ్లిలో తాగాడు. రెండు రోజులు తలుపు తీయలేదు. తోడుండే మనిషి అరుగు మీద కూర్చుని "టీ తాగుదాం రా బావా, వాక్యం చెప్పను" అన్నాడు. మూడోరోజు బయటికొచ్చాడు. ఈసారి అడిగినవి మూడే: ఎక్కడ, ఎవరితో, తాగడానికి ముందు ఏం జరిగింది. పెళ్లిలో భోజనం ఆలస్యమైంది, పాత స్నేహితుడు బండి మీద తీసుకుపోయాడు, చేతిలో చదివింపుల డబ్బుంది. తర్వాతి పెళ్లికి ఇంట్లో తినే వెళ్లాడు, డబ్బు భార్య దగ్గర, తిరిగొచ్చే బండి తోడుండే మనిషిది. ఎన్ని రోజులు వరసగా తాగాడో మాత్రం తప్పకుండా కనుక్కోండి, నాలుగైదు రోజులు దాటి మళ్లీ వణుకు వస్తుంటే మొదటిసారిలాగే డాక్టరు దగ్గరికే.

సంఘంలో కూడా ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. మానిన నెలకే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించడం, సంఘ కూటాల పోస్టర్లో ఫొటో వేయడం వద్దు. స్టేజీ ఎక్కినవాడికి పడినప్పుడు సాయం అడగడం పది రెట్లు కష్టం. కనీసం ఏడాది ఆగండి, అప్పుడు కూడా ఆయన అడిగితేనే. అలాగే పడ్డాడని ప్రభువు బల్లకి దూరం పెట్టడం, స్త్రీల సమాజంలో భార్యని పక్కన పెట్టడం, ఇవి మాటల్లో చెప్పిన కృపని చేతల్లో వెనక్కి లాక్కోవడం.

పిల్లల్ని ఆదివారం బడి టీచరు చూసుకోవాలి. నాన్న ఏం చేశాడని గుచ్చిగుచ్చి అడగకుండా, "ఇది నీ వల్ల రాలేదు, నువ్వు ఆపలేవు, నాన్న మీద కోపం వచ్చినా నువ్వు చెడ్డపిల్లవి కాదు" అని ఒకసారి పక్కకి పిలిచి చెబితే చాలు. పదో తరగతి పిల్లకి రాత్రి చదువుకోవడానికి దీపం ఉన్న ఒక ఇల్లు చూపించగలిగితే ఇంకా మంచిది.

తేదీల విషయానికొస్తే, ఈ ప్రసంగం సంక్రాంతి వారంలో చెప్పొద్దు, విజయనగరం వైపు అయితే పైడితల్లి సిరిమాను పండగ ముందు వారమూ వద్దు. ఆ రోజుల్లో బంధువులు, వలస వెళ్లినవాళ్లు ఇళ్లకొస్తారు, మానడం మొదలుపెట్టడానికి అంతకంటే కష్టమైన సమయం ఉండదు, పండగ సెలవుల్లో ఓపీ కూడా దొరకదు. పండగకి రెండు నెలల ముందు చెబితే ఒళ్లు కుదుటపడటానికి టైము దొరుకుతుంది. పండగ వారం ఆ నలుగురూ రోజూ ఆ ఇంటికి వెళ్లేలా ఎవరికి ఏ రోజో ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.